సాంక్షన్ అయిన హోమ్ లోన్ వద్దనుకుంటే బ్యాంకుకి లెటర్ ఎట్టా రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవి. బ్యాంకు కాయితాలు రాసిపెట్టడం నాకు చాన్నాళ్ళ అలవాటు కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తన్నా. ఎక్కువ భాగం హోమ్ లోన్ గురించే, ఎందుకంటే వద్దని చెప్పడంలో డబ్బులు పోయేది, చిక్కులు వచ్చేది అందులోనే.

లోన్ సాంక్షన్ అయింది గానీ నేను తీసుకోలేదు. ఊరికే వదిలేస్తే దానంతట అదే పోదా? లెటర్ ఎందుకు?

పోతది, కాదనను. ప్రతి సాంక్షన్ లెటర్‌లో ఒక గడువు రాసి ఉంటది, అన్ని నెలల్లోపు తీసుకోకపోతే సాంక్షన్ చెల్లదు అని. కానీ గడువు దాటినంత మాత్రాన మీరు ఇచ్చిన చెక్కులు వెనక్కి రావు, ఆటో డెబిట్‌కి పెట్టిన సంతకం రద్దవదు, మీ ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో ఉంటే అవి మీ ఇంటికి నడిచి రావు. పైగా గడువు లోపల ఎవరో ఒకరు ఫైలు ముందుకి తోసి డబ్బులు రిలీజ్ చేస్తే, అప్పుడు మీరు "నేను వద్దన్నా గదా" అంటే ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడుగుతారు.

ఫోన్లో ఏజెంటుకి చెప్పాం అంటారు చాలామంది. లోన్ ఇప్పించే ఏజెంటుకి లోన్ రిలీజ్ అయితేనే కమీషన్, మీరు వద్దన్న మాట ఆయన బ్యాంకుకి ఎంత తొందరగా చేరుస్తాడో మీరే ఆలోచించండి. ఆయన మంచోడే అయినా బ్యాంకు ఫైల్లో ఆయన మాటకి చోటు లేదు. ఫైల్లో ఉండేది కాయితం ఒక్కటే.

నేను ఏ స్టేజీలో ఉన్నానో ఎట్టా తెలుస్తది? అన్నిటికీ ఒకటే లెటరా?

ఒకటే లెటర్ కాదు. ముందు ఇది తేల్చుకోండి, తర్వాతే పెన్ను తియ్యండి.

అప్లికేషన్ ఇచ్చారు, ఇంకా సాంక్షన్ లెటర్ రాలేదు అంటే మీది అప్లికేషన్ వెనక్కి తీసుకోవడం. రెండు వాక్యాలు చాలు. సాంక్షన్ లెటర్ వచ్చింది, దాని మీద "ఒప్పుకున్నాను" అని సంతకం పెట్టలేదు అంటే ఇంకా తేలికే, బ్యాంకు ఇస్తానంది, మీరు వద్దన్నారు, అంతే. సంతకం పెట్టారు, అగ్రిమెంటు కాయితాల మీద కూడా పెట్టారు, డబ్బులు మాత్రం కదల్లేదు అంటే అసలు కష్టమంతా ఇక్కడే, ఈ పేజీలో ఎక్కువ భాగం దీని గురించే. ఇక డబ్బులు కదిలాయి, మీ ఖాతాకో అమ్మినోళ్ళ ఖాతాకో పోయాయి అంటే అది లోన్ వద్దనడం కాదు, లోన్ మూసెయ్యడం. దానికి వడ్డీ లెక్క కట్టి అసలు కట్టెయ్యాల్సిందే. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న హోమ్ లోన్‌కి ముందే కట్టేసినందుకు పెనాల్టీ వెయ్యకూడదు, అదొక్కటి ఊరట.

ఏ స్టేజీనో తెలియకపోతే బ్రాంచికి పోయి "లోన్ అకౌంటు నంబరు ఓపెన్ అయిందా, అమౌంటు ఏమన్నా డిస్బర్స్ అయిందా" అని ఈ రెండు ముక్కలు అడగండి. చెప్పేస్తారు.

లెటర్లో కారణం రాయాల్నా? "వ్యక్తిగత కారణాల వల్ల" అంటే చాలదా?

బ్యాంకుకి అయితే చాలు. తీసుకోని లోన్‌ని ఎందుకు తీసుకోవట్లేదని నిలదీసే హక్కు బ్యాంకుకి లేదు. కానీ ఆ కాయితం బ్యాంకు ఒక్కటే చదవదు, అదీ ఇక్కడ పాయింటు.

మనవైపు ఇల్లు గానీ ఫ్లాటు గానీ కొనేటప్పుడు అడ్వాన్స్ ఇచ్చి అమ్మకం అగ్రిమెంటు రాసుకుంటాం గదా, అందులో చాలాసార్లు "బ్యాంకు లోన్ రాకపోతే అడ్వాన్స్ వాపసు" అని ఒక లైను ఉంటది, కొనేవాడు మానుకుంటే అడ్వాన్స్ పోయినట్టే అని ఇంకో లైను ఉంటది. ఇప్పుడు మీరు బ్యాంకుకి "వ్యక్తిగత కారణాల వల్ల లోన్ వద్దు" అని రాశారనుకోండి, ఆ కాపీ అమ్మేవాళ్ళ చేతికి చిక్కితే ఇంకేముంది, "బ్యాంకు లోన్ ఇచ్చింది, నువ్వే వద్దన్నావు, అడ్వాన్స్ మర్చిపో" అంటారు. మీ సంతకంతో మీరే రాసిచ్చినట్టు అవుతది.

అట్టాగే కారణం బ్యాంకు వల్ల వచ్చినదైతే, అంటే ముందు చెప్పిన రేటు ఒకటి, సాంక్షన్ లెటర్లో వచ్చిన రేటు ఇంకోటి, లేదా అడిగినదాంట్లో సగమే సాంక్షన్ చేశారు, లేదా ఇన్సూరెన్స్ తీసుకుంటేనే రిలీజ్ అన్నారు, ఇట్టాంటివి ఉంటే "వ్యక్తిగత కారణాలు" అని రాయడం వల్ల ఫీజు వెనక్కి అడిగే దారి మీరే మూసుకున్నట్టు.

కాబట్టి నా మాట ఏంటంటే, కారణం వల్ల మీకు డబ్బు దగ్గర ఉపయోగం ఉంటే నిజమైన కారణం రాయండి, రెండు మూడు వాక్యాల్లో, తేదీలతో. ఉపయోగం లేకపోతే, అంటే వేరే బ్యాంకులో తక్కువకి వచ్చింది, మామగారు డబ్బు సర్దాడు, మనసు మారింది, ఇట్టాంటివైతే "వ్యక్తిగత కారణాలు" చాలు, కథలు అక్కర్లేదు. లేని కారణం మాత్రం రాయొద్దు. ఉద్యోగం పోయిందని రాసి ఆరు నెలలకి అదే బ్యాంకులో మళ్ళీ అప్లై చేస్తే ఆ లెటర్ మీ పాత ఫైల్లోనే ఉంటది, తీసి ముందు పెడతారు.

ఒక ఉదాహరణ చెప్పండి, నిజంగా రాసిన లెటర్ ఎట్టా ఉంటది?

మా తోడల్లుడిది చెప్తా, ఆయన ఒప్పుకున్నాకే రాస్తన్నా. నెల్లూరు వేదాయపాళెంలో ఒక ఇల్లు 42 లక్షలకి మాట్లాడుకున్నాడు, 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాడు, అగ్రిమెంటులో పైన చెప్పిన లోన్ లైను ఉంది. బ్యాంకు 30 లక్షలు, 20 ఏళ్ళకి, 8.5 శాతానికి సాంక్షన్ చేసింది. ప్రాసెసింగ్ ఫీజు 10,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,890, మొత్తం 12,390 కట్టాడు. ఆయనా మా మరదలూ ఇద్దరూ సంతకాలు పెట్టేశారు.

చాలామందికి తెలియంది ఒకటుంది ఇక్కడ. సాంక్షన్ అంటే మీ జీతం, మీ సిబిల్ చూసి ఇచ్చిన మాట. ఇంటి కాయితాల సంగతి దాంట్లో "లీగల్ క్లియరెన్స్‌కి లోబడి" అని ఒక షరతుగా ఉంటది, బ్యాంకు లాయరు రిపోర్టు కొన్నిసార్లు సాంక్షన్ తర్వాతే వస్తది. ఇక్కడ అదే జరిగింది. ఇల్లు చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది, వీలునామా లేదు, అమ్మేది ఇద్దరు కొడుకులు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లో చూస్తే ఒక కూతురు కూడా ఉంది, చెన్నైలో ఉంటది. వీలునామా లేకుండా తండ్రి పోతే కూతురికీ సమాన వాటా గదా, ఆమె అమ్మేవాళ్ళలో ఒకరుగా సంతకం పెట్టాలి, లేదా అన్నదమ్ములకి హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసి ఇవ్వాలి అని లాయరు రాశాడు. ఆమె రెండూ కుదరదంది. అన్నదమ్ములేమో "అదంతా మేం చూసుకుంటాం, నువ్వు రిజిస్ట్రేషన్ పెట్టుకో" అని ఒకటే తొందర.

ఈయన మొదట రాసుకున్న లెటర్ ఒక్క లైను, "కొన్ని అనివార్య కారణాల వల్ల లోన్ అవసరం లేదు" అని. అది చింపేయించి ఇట్టా రాయించా. పేర్లు, నంబర్లు తీసేశా, మిగతాది అదే:

*బ్రాంచి మేనేజరు గారికి,*

*విషయం: హోమ్ లోన్ అప్లికేషన్ నంబరు ........, సాంక్షన్ లెటర్ నంబరు ........, తేదీ ........, రూ. 30,00,000. లోన్ తీసుకోవడం లేదు, సాంక్షన్ రద్దు కోరడం గురించి.*

*అయ్యా, పై లోన్ మాకు సాంక్షన్ అయింది. ఈ తేదీ వరకు లోన్ మొత్తంలో ఏ భాగమూ విడుదల కాలేదు. సాంక్షన్ లెటర్‌లోని షరతు ప్రకారం లోన్ విడుదల ఆస్తి లీగల్ క్లియరెన్స్‌కి లోబడి ఉన్నది. మీ ప్యానెల్ లాయరు గారు ........ తేదీన ఇచ్చిన రిపోర్టులో, అమ్మకందారుల సోదరి కూడా అమ్మకంలో చేరాలని లేదా హక్కు విడుదల దస్తావేజు ఇవ్వాలని పేర్కొన్నారు. అమ్మకందారులు ఆ షరతు నెరవేర్చలేకపోయారు. ఆ కారణంగా ఈ ఆస్తి మీద లోన్ పొందడం సాధ్యం కానందున మేము లోన్ తీసుకోవడం లేదు.*

*కావున సాంక్షన్ రద్దు చేసి, మా పేరు మీద లోన్ మొత్తం ఏదీ విడుదల చేయవద్దని, మేము ఇచ్చిన సెక్యూరిటీ చెక్కులు (నంబర్లు ........) తిరిగి ఇవ్వాలని, ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దు చేయాలని, మాకు ఏ బాకీ లేదని రాతపూర్వకంగా ఇవ్వాలని, మేము కట్టిన ఛార్జీల్లో ఇంకా వాడని భాగం ఏదైనా ఉంటే తిరిగి ఇవ్వాలని కోరుతున్నాము.*

*ఇట్లు, (ఇద్దరి సంతకాలు), తేదీ.*

చూడండి, కారణం అంతా బ్యాంకు లాయరు రిపోర్టు మీద, అమ్మేవాళ్ళు నెరవేర్చలేకపోయిన షరతు మీద నిలబడింది. అబద్ధం ఒక్క ముక్క లేదు, "నేను మానుకున్నా" అనే మాట కూడా ఎక్కడా లేదు. తర్వాత అన్నదమ్ములు అడ్వాన్స్ ఇవ్వం, లోన్ సాంక్షన్ అయింది గదా అని అడ్డం తిరిగారు. సాంక్షన్ లెటర్లో షరతు, ఈ లెటర్, దానికి బ్యాంకు ఇచ్చిన జవాబు మూడూ పెద్దమనుషుల ముందు పెట్టాక మెత్తబడ్డారు, అడ్వాన్స్ రెండు విడతల్లో వచ్చింది.

లెటర్ ఎవరి చేతికి ఇవ్వాలి? ఎవరెవరు సంతకం పెట్టాలి?

అప్లికేషన్ మీద సంతకం పెట్టిన అందరూ పెట్టాలి. భార్య కో-అప్లికెంట్ అయితే ఆమె, తండ్రి అయితే ఆయన. ఒక్కరే పెడితే "రెండో ఆయన ఒప్పుకోలేదేమో" అని ఫైలు పక్కన పడేస్తారు. జామీను ఉన్నవాళ్ళది అవసరం లేదు గానీ వాళ్ళకి ఒక కాపీ ఇవ్వడం మర్యాద.

రెండు కాపీలు తీసుకుని బ్రాంచికి పోండి. ఒకటి వాళ్ళకి, రెండోదాని మీద బ్యాంకు రబ్బరు స్టాంపు, తేదీ, తీసుకున్నాయన సంతకం, వీలైతే ఇన్‌వర్డ్ నంబరు. స్టాంపులో తేదీ సరిగ్గా పడిందో లేదో అక్కడే కౌంటర్ ముందే చూసుకోండి, సిరా లేక సగం పడిన స్టాంపులు బోలెడు చూశా. "మేడం సీట్లో లేదు, పెట్టిపోండి" అంటే పెట్టి రావొద్దు. ఎవరూ తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, డెలివరీ రుజువు ఉండేట్టు. రిజిస్టర్ పోస్టు అని విడిగా ఇప్పుడు లేదు, 2025 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి పోస్టాఫీసులో ఆ పేరు అడిగి లేదన్నారని తిరిగి వచ్చెయ్యొద్దు.

దాంతోపాటు అదే రోజు బ్యాంకులో రిజిస్టర్ అయిన మీ మెయిల్ నుంచి బ్రాంచి మెయిల్‌కి లెటర్ ఫోటో పంపండి. సాంక్షన్ లెటర్ మీద ఏ ఆఫీసు మెయిల్ ఉందో చూసి దానికి కూడా, ఎందుకంటే చాలా బ్యాంకుల్లో హోమ్ లోన్ ఫైలు బ్రాంచిలో ఉండదు, ప్రాసెసింగ్ సెంటర్లో ఉంటది. డబ్బులు రిలీజ్ చేసేది వాళ్ళు. బ్రాంచికి ఇచ్చిన లెటర్ అక్కడికి చేరేలోపు రిలీజ్ అయిన కేసులు ఉన్నాయి.

ప్రాసెసింగ్ ఫీజు వెనక్కి వస్తదా?

మామూలుగా రాదు. అప్లికేషన్ ఫారంలోనే తిరిగి ఇవ్వబడదు అని ఉంటది, జీఎస్టీ అసలే రాదు. లాయరుకి, ఇంటి విలువ కట్టే వాల్యుయర్‌కి పోయిన డబ్బు, వాళ్ళు పని చేసేసి ఉంటే అదీ రాదు, న్యాయంగా కూడా రాకూడదు, వాళ్ళు వచ్చి చూసిపోయారు గదా. మా తోడల్లుడికి ఒక్క పైసా రాలేదు, ఆ 12,390 పోయినట్టే.

అయితే రెండు చోట్ల గట్టిగా అడగొచ్చు. వాల్యుయర్ ఇంకా రాలేదు, లాయరు ఫైలు తెరవలేదు, కానీ ఆ ఛార్జీలు ముందే కట్టించుకున్నారు అంటే అవి అడగండి. అందుకే లెటర్లో "ఇంకా వాడని భాగం" అని పెట్టించా. రెండోది, సాంక్షన్‌లో షరతులు ముందు చెప్పినదానికి తేడాగా వచ్చినప్పుడు. 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ టర్మ్ లోన్లకి బ్యాంకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాయితం ఇవ్వాలి, రేటు, ఫీజులు, మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతం పడుతుంది అన్నీ అందులో ఉంటాయి. అందులో లేని ఛార్జీ ఏదీ మీ ఒప్పుదల లేకుండా వెయ్యకూడదు. తేడా ఉంటే ఆ కాయితం కాపీ జతచేసి, ఏ అంకె ఏ అంకెగా మారిందో ఒక్క లైనులో రాసి ఫీజు అడగండి. ఇస్తారని గ్యారంటీ చెప్పను గానీ, "వ్యక్తిగత కారణాలు" అని రాసినోడికంటే మీకు అవకాశం ఎక్కువ.

చెక్కు రాసేశాం, రేపు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇస్తాం అన్నారు. ఇప్పుడు వద్దంటే వడ్డీ పడతదా?

ఇది అందరూ అడగరు గానీ అడగాల్సిన ప్రశ్న. ఇల్లు కొనేటప్పుడు బ్యాంకు అమ్మేవాళ్ళ పేరు మీద చెక్కో డీడీయో తయారుచేసి, రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతికి ఇస్తది. కొన్ని బ్యాంకుల్లో చెక్కు తయారైన రోజే వాళ్ళ కంప్యూటర్లో లోన్ రిలీజ్ అయినట్టు పడతది, ఆ రోజు నుంచే వడ్డీ మొదలుపెడతారు. రిజిస్ట్రేషన్ వాయిదా పడి చెక్కు బ్యాంకు బీరువాలోనే ఉన్నా మీ ఖాతాలో వడ్డీ నడుస్తానే ఉంటది.

లెక్క చూడండి. 30 లక్షలకి 8.5 శాతం అంటే రోజుకి సుమారు 699 రూపాయలు. చెక్కు 11 రోజులు బ్యాంకులోనే కూర్చుంటే 7,685 రూపాయలు, ఇల్లూ రాలేదు, చెక్కూ చూడలేదు, వడ్డీ మాత్రం వేసేస్తారు.

దీనిమీద రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 29న ఒక సర్క్యులర్ ఇచ్చింది. సాంక్షన్ తేదీ నుంచో అగ్రిమెంటు తేదీ నుంచో వడ్డీ వెయ్యడం, చెక్కు చేతికి ఇవ్వకముందే చెక్కు మీద తేదీ నుంచి వడ్డీ వెయ్యడం తప్పు, అట్టా వసూలు చేసింది తిరిగి ఇవ్వాలి, చెక్కుల బదులు ఆన్‌లైన్లో వేసే పద్ధతి చూసుకోండి అని బ్యాంకులకి చెప్పింది. కాబట్టి మీ లెటర్లో ఒక వాక్యం కలపండి: "చెక్కు నంబరు ఫలానా, అది మాకు గానీ అమ్మకందారులకు గానీ ఇవ్వలేదు, మీ దగ్గరే ఉన్నది, దాన్ని రద్దు చేసి, 2024 ఏప్రిల్ 29 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం వడ్డీ వేయకుండా ఖాతా మూసివేయవలసిందిగా కోరుతున్నాము." సర్క్యులర్ తేదీ కనిపిస్తే మాట తీరు మారుద్ది, చూస్తారుగా.

చెక్కు అమ్మేవాళ్ళ చేతికి పోయిందంటే మాత్రం ఈ దారి లేదు. అప్పుడు వాళ్ళు వెనక్కి ఇచ్చేదాకా వడ్డీ మీదే.

ఒరిజినల్ పత్రాలు, చెక్కులు, ఇన్సూరెన్స్ సంగతి ఏంటి?

సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేదానికి లోన్ పెట్టినోళ్ళు ఒరిజినల్ దస్తావేజులు ముందే ఇచ్చి ఉంటారు. ఇచ్చినప్పుడు బ్యాంకు ఒక లిస్టు ఇస్తది, లెటర్లో ఆ లిస్టు కాపీ జతచేసి లైను లైనుకీ తిరిగి అడగండి, తీసుకునేటప్పుడు పేజీలు లెక్కపెట్టుకోండి. దస్తావేజులు డిపాజిట్ చేసినట్టు మెమోరాండం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కూడా అయిపోయి ఉంటే, పత్రాలు చేతికొచ్చినంత మాత్రాన అయిపోదు. ఆస్తి మీద ఏ తనఖాలున్నాయో చూపే ఈసీ తీస్తే ఆ బ్యాంకు పేరు అట్టానే కనిపిస్తది, రేపు వేరే బ్యాంకుకి పోతే "ఇది ఆల్రెడీ తనఖాలో ఉంది" అంటారు. బ్యాంకు వచ్చి రిలీజ్ దస్తావేజు చేయించాలి, అది కూడా లెటర్లో అడగాల్సిన విషయమే. అయిన నెలకి కొత్త ఈసీ తీసి చూసుకోండి.

ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దు బ్యాంకునే అడగండి, మీ జీతం ఖాతా వేరే బ్యాంకులో ఉంటే అక్కడ నెట్ బ్యాంకింగ్‌లో కూడా చూసి తీసెయ్యండి. లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అంటగట్టి ప్రీమియం ముందే కోసుకుని పాలసీ వచ్చి ఉంటే, బ్యాంకుకి రాసిన లెటర్ దానికి పనికిరాదు, ఇన్సూరెన్స్ కంపెనీకి విడిగా రాయాలి, పాలసీ చేతికొచ్చిన 30 రోజుల లోపు. ఆ గడువు దాటితే మొత్తం వెనక్కి రావడం కష్టం.

లోన్ వద్దంటే సిబిల్ పడిపోతదా?

వద్దన్నందుకు పడదు. అప్లై చేసినప్పుడు బ్యాంకు మీ రిపోర్టు చూసింది, ఆ ఎంక్వైరీ ఎట్టాగూ పడిపోయింది, లోన్ తీసుకున్నా తీసుకోకపోయినా అది ఉంటది. చూసుకోవాల్సింది వేరే. లోన్ అకౌంటు ఓపెన్ చేసి డబ్బులు రిలీజ్ చెయ్యకుండా వదిలేస్తే కొన్నిసార్లు రిపోర్టులో 30 లక్షల లోన్ నడుస్తున్నట్టు కనిపిస్తది. ఒకట్రెండు నెలలాగి రిపోర్టు తీసుకోండి, ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితమే. తప్పుంటే అక్కడే డిస్ప్యూట్ పెట్టి స్టాంపు వేయించుకున్న లెటర్ జతచెయ్యండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయలు మీకు ఇవ్వాలని రూలు.

మేనేజరు గారు "ఇప్పుడు వద్దంటే మళ్ళీ ఎప్పుడూ ఇవ్వం" అన్నారు. భయమేస్తంది.

అదంతా మార్చి నెల టార్గెట్ల మాట, పట్టించుకోబాకండి. ఆయన కూడా పైనోళ్ళకి జవాబు చెప్పుకోవాల, పాపం. మర్యాదగా "సార్, ఇల్లు కుదర్లేదు, వేరేది కుదిరితే మీ దగ్గరికే వస్తాం" అని కాయితం చేతిలో పెట్టండి. కొందరు "రేటు పావు శాతం తగ్గిస్తాం, ఉండండి" అంటారు, మీ కారణం రేటే అయితే ఆలోచించొచ్చు, కానీ సవరించిన సాంక్షన్ లెటర్ వచ్చేదాకా మీ లెటర్ వెనక్కి తీసుకోవద్దు. ఇంకొందరు రివర్సులో వస్తారు, ఈరోజే సంతకం పెట్టకపోతే ఈ రేటు ఉండదని. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చాక కనీసం మూడు పని దినాలు ఆ షరతులకి బ్యాంకు కట్టుబడి ఉండాలి, ఇంటికి తీసుకుపోయి చదువుకుంటా అనండి.

యాప్‌లో పర్సనల్ లోన్ నొక్కా, డబ్బులు పడిపోయాయి. అది కూడా వద్దనొచ్చా?

వద్దనొచ్చు, కానీ తొందరపడాలి. డిజిటల్ లోన్లకి కూలింగ్ ఆఫ్ పీరియడ్ అని ఉంటది, 2025 రూల్స్ ప్రకారం కనీసం ఒక రోజు, ఎన్ని రోజులనేది మీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్లో ఉంటది. ఆ లోపల అసలు, ఆ రోజులకి పడిన ఖర్చు కట్టేస్తే పెనాల్టీ లేదు, ముందే చెప్పి ఉంటే ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వాళ్ళు ఉంచుకోవచ్చు. యాప్‌లో క్యాన్సిల్ నొక్కి ఊరుకోవద్దు, వాళ్ళ మెయిల్‌కి రాయండి, కట్టిన రసీదు జతచెయ్యండి.

తెలుగులో రాస్తే తీసుకుంటారా?

తీసుకుంటారు, మన బ్రాంచీల్లో ఇబ్బంది లేదు. కాకపోతే ప్రాసెసింగ్ సెంటర్లో తెలుగు రానివాళ్ళు ఉండొచ్చు కాబట్టి విషయం లైను, అప్లికేషన్ నంబరు ఇంగ్లీషులో కూడా ఒకసారి రాయండి.

లెటర్ ఇచ్చి నెలయింది, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడేంటి?

ముందు ఒక రిమైండర్, పాత లెటర్ తేదీ, ఇన్‌వర్డ్ నంబరు రాసి, ఈసారి బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న కంప్లైంట్ పేజీలో కూడా పెట్టి నంబరు తీసుకోండి. కంప్లైంట్ ఇచ్చి 30 రోజులు దాటినా జవాబు లేకపోతే, లేదా జవాబు వచ్చింది గానీ సరిగా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెట్టొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నేరుగా అక్కడికి పోతే, ముందు బ్యాంకుకి రాయలేదని తిప్పి పంపేస్తారు, అందుకే ఆ స్టాంపు కాపీ. అందులో మీరు అడిగేది స్పష్టంగా ఉండాలి: చెక్కులు ఫలానా నంబర్లు తిరిగి ఇవ్వాలి, వడ్డీ ఇంత తీసెయ్యాలి, ఏ బాకీ లేదని కాయితం ఇవ్వాలి. మేనేజరు ఎట్టా మాట్లాడాడు, ఏసీ గదిలో ఎంతసేపు నిలబెట్టాడు ఇవన్నీ రాయబాకండి, చదివేవాళ్ళు అసలు సంగతి వెతుక్కోవాల్సి వస్తది.